ఒకే మాస్టర్ రెజ్యూమె నుంచి మూడు వెర్షన్లు: ఎక్కడివరకు మార్చొచ్చు?

గోదారిగట్టు

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో నాలుగేళ్ల పైనే పని చేస్తున్నాను. డిజిగ్నేషన్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. కానీ నేను రోజూ చేసేది అమెరికాలోని ఒక హెల్త్ ఇన్సూరెన్స్ క్లయింట్‌కి ఎల్2 అప్లికేషన్ సపోర్ట్. టికెట్లు చూడటం, ఫెయిలైన క్లెయిముల కోసం ఎస్‌క్యూఎల్ క్వెరీలు రాయడం, వారానికో ఎక్సెల్ రిపోర్ట్ పంపడం, రిలీజ్ ఉన్నప్పుడు యూఏటీ వాళ్లతో కలిసి కూర్చోవడం. ఒక పవర్ బీఐ డ్యాష్‌బోర్డ్ కూడా ఉంది. దాన్ని మా టీమ్‌లో ఇంకొకరు కట్టి వెళ్లిపోయారు. ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను, రెండు పేజీలు కొత్తగా కలిపాను కూడా.

చేసిన పనంతా రాసుకున్న మాస్టర్ రెజ్యూమె ఐదు పేజీలొచ్చింది. ఇప్పుడు మూడు రకాల ఉద్యోగాలకు అప్లై చేయాలి: డేటా అనలిస్ట్, ప్రొడక్షన్ సపోర్ట్ లీడ్, ఇన్సూరెన్స్ డొమైన్‌లో బిజినెస్ అనలిస్ట్. డేటా అనలిస్ట్ జేడీలో "డ్యాష్‌బోర్డులు మొదటి నుంచి చివరిదాకా తయారుచేసి ఉండాలి, ఎస్‌క్యూఎల్ మూడేళ్లు" అని ఉంది. లీడ్ జేడీలో "ఐదుగురికి తక్కువ కాని టీమ్‌ని నడిపి ఉండాలి" అని ఉంది. ఒకే పనిని మూడు రకాలుగా రాస్తుంటే ఎక్కడ అబద్ధమైపోతుందో అని టెన్షన్‌గా ఉంది. మీరెలా చేస్తారో చెప్పండి.

వరంగల్‌కుర్రాడు

వద్దండి, ప్లీజ్. మా రూమ్మేట్ ఇలాగే అమీర్‌పేటలో ఎవరి దగ్గరో రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టించుకున్నాడు. ఆఫర్ వచ్చింది, చేరాడు, తర్వాత వెరిఫికేషన్‌లో దొరికిపోయి ఉద్యోగం పోయింది. పీఎఫ్ లేని కంపెనీ పేరు పెడితే ఇప్పుడు ఎవరూ నమ్మట్లేదు. ఉన్న అనుభవంతోనే ట్రై చేయండి.

గోదారిగట్టు

తమ్ముడూ, నేను అడిగింది అది కాదు. నా కంపెనీ, నా తేదీలు అన్నీ నిజమే. లేని ఉద్యోగాన్ని పెట్టడం గురించి కాదు, చేసిన పనిని ఏ మాటల్లో చెప్పాలన్నదే నా ప్రశ్న.

కూకట్‌పల్లి_ఫేజ్6

సింపుల్ అండి. ఇప్పుడు రెజ్యూమెలను మనుషులు చదవరు, ఏటీఎస్ చదువుతుంది. జేడీతో 80 శాతం మ్యాచ్ కాకపోతే ఆటోమేటిక్‌గా రిజెక్ట్. అందుకే జేడీలో ఉన్న పదాలన్నీ మీ స్కిల్స్‌లో ఉండాలి. నేనైతే జేడీ మొత్తం చివర్లో తెల్ల అక్షరాల్లో పేస్ట్ చేస్తాను, కంటికి కనబడదు, సిస్టమ్‌కి దొరుకుతుంది.

పాత_రిక్రూటర్

పదేళ్లకు పైగా ఐటీ హైరింగ్‌లో ఉన్నాను, ఏటీఎస్‌లు రోజూ వాడిన మనిషిని. పై మాటలో సగం నిజం ఉంది కాబట్టి విడదీసి చెప్తాను.

ఏటీఎస్ సాధారణంగా తానే రిజెక్ట్ కొట్టేది అప్లికేషన్ ఫామ్‌లోని ప్రశ్నల మీద. నోటీస్ పీరియడ్ ఎంత, ఈ ఊరికి రాగలరా, ఫలానా దానిలో ఎన్నేళ్లు వంటివి. రెజ్యూమె విషయానికొస్తే, మాలాంటి వాళ్లం పదాలతో వెతుకుతాం, ఆ పదం లేకపోతే మీరు వెతుకులాటలో పైకి రారు. కొన్ని సిస్టమ్‌లు మ్యాచ్ స్కోర్ చూపిస్తాయి, కానీ అన్ని కంపెనీలకూ వర్తించే 80 శాతం గీత అంటూ ఏదీ లేదు.

తెల్ల అక్షరాలు మాత్రం మానేయండి. సిస్టమ్ మీ ఫైల్‌ని మామూలు టెక్స్ట్‌గా మార్చి చూపిస్తుంది, అందులో రంగు ఉండదు. మీ రెజ్యూమె కింద మా జేడీయే మాకు కనబడుతుంది. అది చూశాక పైన రాసిన నిజం మీద కూడా నమ్మకం పోతుంది.

జేడీలోని పదం వాడొచ్చా లేదా అన్నదానికి నేను చూసేది ఒక్కటే: రెండు పదాలూ ఒకే పనికి పేర్లా, కాదా. మీరు "టికెట్ హ్యాండ్లింగ్" అని రాసుకున్నారు, జేడీలో "ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్" అని ఉంది. ప్రాధాన్యం నిర్ణయించడం, ఎస్‌ఎల్‌ఏలో మూయడం, ఎస్కలేట్ చేయడం మీరు చేస్తున్నారంటే అది ఇన్సిడెంట్ మేనేజ్‌మెంటే, ధైర్యంగా మార్చండి. అదే జేడీలో "ఈటీఎల్ డెవలప్‌మెంట్" ఉంది, మీరు రాత్రి బ్యాచ్ జాబ్ లాగ్ చూసి ఆగిపోతే మళ్లీ రన్ చేశారు. ఇవి ఒకటి కాదు. అక్కడ "ఈటీఎల్ బ్యాచ్ మానిటరింగ్" అని రాస్తే పదమూ దొరుకుతుంది, నిజమూ నిలుస్తుంది.

విశాఖ_అనలిస్ట్

నేను సపోర్ట్ నుంచే డేటా వైపు వచ్చాను కాబట్టి డ్యాష్‌బోర్డ్ లైన్ గురించి చెప్తాను. గోదారిగట్టు గారూ, ఆ రెండు పేజీల్లో ఏముంది? మీరు ఏం చేశారో వరసగా రాయండి, అప్పుడు చూద్దాం.

గోదారిగట్టు

ఒక పేజీలో పెండింగ్ క్లెయిములు ఎన్ని రోజులుగా ఆగి ఉన్నాయో వయసు ప్రకారం చూపిస్తుంది. రెండోది రిజెక్షన్ కారణాల పేజీ. క్లయింట్ ఆపరేషన్స్ మేనేజర్ కాల్‌లో అడిగితే, ఏ కాలమ్‌లు కావాలో నేనే మాట్లాడి, ఎస్‌క్యూఎల్ రాసి, విజువల్స్ పెట్టాను. డేటా మోడల్, రిఫ్రెష్ సెటప్ అంతా పాత సహోద్యోగి చేసినవే. రిఫ్రెష్ ఆగిపోతే ఇప్పుడు సరిచేసేది నేను.

విశాఖ_అనలిస్ట్

చూశారా, ఇందులో మీరు దాచాల్సిందీ లేదు, పెంచాల్సిందీ లేదు. "డ్యాష్‌బోర్డ్ తయారుచేశాను" అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న డేటా మోడల్ మీదే వస్తుంది: టేబుల్స్ మధ్య రిలేషన్‌షిప్స్ ఎలా పెట్టారు, ఇంపోర్ట్ మోడా డైరెక్ట్ క్వెరీయా, ఎందుకు. అక్కడ ఆగిపోతారు. అలాగని "డ్యాష్‌బోర్డ్ పనిలో సాయం చేశాను" అని రాస్తే మీరు చేసింది మీరే పోగొట్టుకున్నట్టు.

నేనైతే ఇంగ్లిష్‌లో ఈ అర్థం వచ్చేలా రాస్తాను: "క్లయింట్ ఆపరేషన్స్ టీమ్ వాడే పవర్ బీఐ క్లెయిమ్స్ రిపోర్ట్ నిర్వహణ. మేనేజర్‌తో మాట్లాడి అవసరం తెలుసుకుని, ఎస్‌క్యూఎల్ రాసి, క్లెయిముల వయసు, రిజెక్షన్ కారణాల పేజీలు రెండు కొత్తగా చేర్చడం." మొదటి నుంచి చివరిదాకా అని జేడీ అడుగుతున్నది ఆ రెండు పేజీల మట్టుకు మీరు నిజంగానే చేశారు. మోడల్ గురించి అడిగితే "అది ముందే ఉంది, నేను దాని మీద కట్టాను" అని సూటిగా చెప్పొచ్చు, రెజ్యూమె మీకు అడ్డం రాదు.

బిజినెస్ అనలిస్ట్ వెర్షన్‌లో అదే పనిని తిప్పి రాయండి. అక్కడ ముందు రావాల్సింది మేనేజర్ అడిగింది ఏమిటి, మీరు దాన్ని ఏ కాలమ్‌లుగా, ఏ నియమాలుగా రాసిచ్చారు అన్నది. పవర్ బీఐ చివర్న వస్తే చాలు. సపోర్ట్ వెర్షన్‌లో రిఫ్రెష్ ఆగితే సరిచేయడం ముందుకొస్తుంది. జరిగిన పని ఒక్కటే, ఏ ముక్క ముందు పెట్టాలన్నదే మారుతుంది.

పాత_రిక్రూటర్

విశాఖ గారు బాగా చెప్పారు. దీనికి తోడు మాస్టర్ రెజ్యూమెలో ప్రతి లైన్ పక్కన మీకు మాత్రమే కనబడేలా రెండు విషయాలు రాసుకోండి. ఒకటి, అందులో నా వంతు ఎంత. రెండు, ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది. ఎక్సెల్‌లో పెట్టుకుంటే ఇంకా సులువు. వెర్షన్ చేసేటప్పుడు ఈ షీట్ నుంచి లైన్లు ఏరుకోవడమే తప్ప కొత్తవి కల్పించకూడదు. జేడీ చూశాక కొత్త లైన్ గుర్తొస్తే ముందు మాస్టర్‌లో పై రెండు వివరాలతో రాసి, ఆ తర్వాతే వెర్షన్‌లోకి తీసుకోండి. రాత్రి పదకొండింటికి అప్లై చేసే హడావుడిలో చేయి దాటిపోకుండా ఇది ఆపుతుంది.

మీ దగ్గర అంకెలున్నాయా?

గోదారిగట్టు

ఉన్నాయి, నాకు అసలు అనుమానం అక్కడే. మాస్టర్‌లో "టికెట్లు 80 శాతం తగ్గించాను" అని రాసుకున్నాను. జరిగిందేమిటంటే, డూప్లికేట్ పాలసీ నంబర్ల వల్ల రాత్రి బ్యాచ్‌లో క్లెయిములు ఫెయిల్ అయ్యేవి. ఆ ఒక్క రకం టికెట్లే వారానికి 12 నుంచి 15 దాకా వచ్చేవి. నేను క్వెరీ రాసి ఏ ఫీడ్ నుంచి డూప్లికేట్లు వస్తున్నాయో కనిపెట్టాను. కోడ్ మార్చింది డెవలప్‌మెంట్ టీమ్. తర్వాత వారానికి రెండు మూడుకి తగ్గాయి.

పాత_రిక్రూటర్

మంచి లైన్ ఇది, కానీ ఇప్పుడున్న రూపంలో రెండు చోట్ల దారి తప్పింది. 80 శాతం తగ్గింది ఒక రకం టికెట్లు, మొత్తం టికెట్లు కాదు. తగ్గించింది మీరొక్కరే కాదు. చదివేవాళ్లు "సపోర్ట్ లోడ్ మొత్తం అయిదో వంతుకి దిగింది" అనుకుంటారు. లెక్క సరైనదే అయినా వాళ్లకు తప్పు బొమ్మ కనబడుతుంది.

ఇలా మార్చండి: "బ్యాచ్ ఫెయిల్యూర్లకు కారణం ఒక ఫీడ్‌లోని డూప్లికేట్ పాలసీ నంబర్లని ఎస్‌క్యూఎల్‌తో గుర్తించాను. డెవలప్‌మెంట్ టీమ్ చేసిన ఫిక్స్ తర్వాత ఆ రకం టికెట్లు వారానికి 12-15 నుంచి 2-3కి తగ్గాయి." శాతం కంటే ఇదే బలంగా ఉంటుంది. మీకు ఆ సమస్య లోపలిదాకా తెలుసని కనబడుతుంది. నేను చాలా మందిని చూశాను, శాతం రాసినవాళ్లు "దేనిలో శాతం?" అన్న ప్రశ్నకే తడబడతారు.

డల్లాస్_బాబాయ్

ఇక్కడి నుంచి ఒక మాట. క్లయింట్ పేరు రాయొద్దు, "అమెరికాలోని ఒక హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థ" అంటే చాలు. కంపెనీతో చేసుకున్న కాన్ఫిడెన్షియాలిటీ ఒప్పందం ఒకసారి చదువుకోండి. ఆ డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్ పోర్ట్‌ఫోలియోలో పెట్టడం అసలే వద్దు, అది పేషెంట్ల డేటాతో ముడిపడిన వ్యవహారం. చూపించాలనుకుంటే పబ్లిక్ డేటా తీసుకుని అలాంటి పేజీలే కొత్తగా కట్టి, "పర్సనల్ ప్రాజెక్ట్" అని వేరే హెడ్డింగ్ కింద పెట్టుకోండి. సొంత ప్రాజెక్టుల్ని, కోర్సులో చేసినవాటిని తెచ్చి కంపెనీ అనుభవం కింద కలిపే అలవాటు మనవాళ్లలో ఇక్కడా చూస్తున్నాను, ఇంటర్వ్యూలో అది తెలిసిపోతుంది.

గుంటూరు_పవన్

నాదొక డౌట్, ఈ థ్రెడ్‌కి దగ్గరే అనుకుంటున్నాను. నేను ఒక కన్సల్టెన్సీ పేరోల్ మీద పెద్ద కంపెనీలో పని చేస్తున్నాను. ఐడీ కార్డ్, మెయిల్ ఐడీ అన్నీ పెద్ద కంపెనీవే. ఒక వెర్షన్‌లో పెద్ద కంపెనీ పేరు మాత్రమే, ఇంకోదాంట్లో రెండూ పెడుతున్నాను. పేరు చూసి కాల్స్ వస్తాయని. తప్పా?

పాత_రిక్రూటర్

పవన్ గారూ, యజమాని స్థానంలో పేరోల్ కంపెనీనే రాయండి, పక్కనే "ఫలానా కంపెనీలో డెప్యుటేషన్" అని రాయండి. రెండూ కనబడతాయి కాబట్టి కాల్స్ ఎక్కడికీ పోవు. మీ పేస్లిప్, ఫామ్ 16, పీఎఫ్ అన్నీ కన్సల్టెన్సీ పేరు మీదే ఉంటాయి. ఈపీఎఫ్ఓ సైట్‌లో మీ యూఏఎన్‌తో లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ తెరవండి, అక్కడ ఎవరి పేరు, ఏ తేదీలు ఉన్నాయో వెరిఫికేషన్ వాళ్లకు దొరికేది అదే. పెద్ద కంపెనీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తే "ఈ పేరుతో మా ఉద్యోగి లేరు" అంటారు. మీరు నిజంగానే అక్కడ కూర్చుని పని చేసినా రికార్డులో అది అబద్ధంగా మిగిలిపోతుంది.

అందరికీ ఇదే చెప్తాను: కంపెనీ పేరు, డిజిగ్నేషన్, చేరిన నెల, వదిలిన నెల, చదువు ఏ వెర్షన్‌లోనూ మారకూడదు. వెరిఫికేషన్‌లో ప్రధానంగా చూసేవి ఇవే. అలాగే లింక్డిన్ ప్రొఫైల్ ఒకటే ఉంటుంది, మూడు రెజ్యూమెలకూ దానితో పొంతన ఉండాలి.

విశాఖ_అనలిస్ట్

డిజిగ్నేషన్ మీద నాకు చిన్న అభ్యంతరం ఉందండి. సర్వీస్ కంపెనీల్లో అందరికీ "సాఫ్ట్‌వేర్ ఇంజినీర్" అనే ఇస్తారు. డేటా పని చేసేవాళ్లూ అదే, నెట్‌వర్క్ చూసేవాళ్లూ అదే. అది మాత్రమే రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

పాత_రిక్రూటర్

అధికారిక డిజిగ్నేషన్ ఉన్నదున్నట్టు ఉంచి, దాని కింద లైన్‌లో "పని: అప్లికేషన్ సపోర్ట్, క్లెయిమ్స్ రిపోర్టింగ్" అని రాయండి. ఆ కింది లైన్ వెర్షన్‌ని బట్టి మారొచ్చు, పై లైన్ మారకూడదు. "డేటా అనలిస్ట్" అని పైకి ఎక్కించడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ పని రోజులో గంట అయినా, ఆరు గంటలైనా.

గోదారిగట్టు

సరే. మరి ఎస్‌క్యూఎల్ మూడేళ్లు? ఫామ్‌లో అంకె వేయమంటున్నారు. నాలుగేళ్లుగా రోజూ రాస్తున్నాను కానీ సెలెక్ట్, జాయిన్‌లు, గ్రూప్ బై వరకే. స్టోర్డ్ ప్రొసీజర్ రాసింది లేదు, విండో ఫంక్షన్లు ఇప్పుడే నేర్చుకుంటున్నాను.

కూకట్‌పల్లి_ఫేజ్6

నాలుగు అని వేసేయండి. రోజూ రాస్తున్నారు కదా, అందులో అబద్ధం ఏముంది?

విశాఖ_అనలిస్ట్

ఫామ్‌లో నాలుగు వేయడం నాకూ తప్పనిపించదు. అడిగింది ఎన్నేళ్లని, లోతు ఎంతని కాదు. కానీ రెజ్యూమెలో ఆ లోతు కనబడాలి. స్కిల్స్‌లో ఒట్టి "ఎస్‌క్యూఎల్" అని వదిలేయకుండా, క్లెయిమ్స్ టేబుల్స్ మీద జాయిన్‌లు, అగ్రిగేషన్‌లతో రోజువారీ క్వెరీలు అని అనుభవంలో చూపండి. విండో ఫంక్షన్లను "నేర్చుకుంటున్నవి" కింద పెట్టండి.

డల్లాస్_బాబాయ్

నేను ఒప్పుకోనమ్మా. జేడీ రాసినవాడు మూడేళ్లు అన్నప్పుడు అనలిస్ట్ స్థాయి ఎస్‌క్యూఎల్‌ని మనసులో పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసి కూడా నాలుగు వేయడమంటే వాడిని తప్పుదారి పట్టించడమే. నేనైతే రెండు వేసి, ఫామ్‌లో ఖాళీ జాగా ఉంటే వివరం రాస్తాను.

పాత_రిక్రూటర్

ఇందులో నేను విశాఖ గారి వైపే. రెండు అని వేస్తే ఆ ప్రశ్న దగ్గరే ఫామ్ ఆపేయొచ్చు, మీ రెజ్యూమె ఎవరూ తెరవరు. రెండు అన్నదీ నిజం కాదు కదా. కానీ బాబాయ్ గారి ఆందోళన అర్థమవుతుంది, రిక్రూటర్ మొదటి కాల్‌లోనే "సపోర్ట్ పనిలో వాడిన ఎస్‌క్యూఎల్" అని మీ అంతట మీరే చెప్పేయండి.

లీడ్ జేడీ గురించి ఎవరూ మాట్లాడలేదు. మీరు ఎవరినైనా నడిపారా?

గోదారిగట్టు

అధికారికంగా లేదు. కొత్తగా వచ్చిన ఇద్దరికి ట్రైనింగ్ ఇచ్చాను. లీడ్ సెలవులో ఉంటే క్లయింట్ కాల్ నేనే తీసుకుంటాను. షిఫ్ట్ హ్యాండోవర్ నోట్ ఎలా రాయాలన్న ఫార్మాట్ నాదే, టీమంతా వాడుతున్నారు.

పాత_రిక్రూటర్

ఈ మూడూ ఉన్నవి ఉన్నట్టు రాయండి. "ఐదుగురి టీమ్‌ని నడిపాను" అన్నది వీటిలో ఎక్కడా లేదు, ఎంత తిప్పినా రాదు. ఎవరి సెలవులు మంజూరు చేశారు, ఎవరికి అప్రైజల్ రేటింగ్ ఇచ్చారు అని అడిగితే జవాబుండదు. ఆ ఉద్యోగానికి బదులు అదే కంపెనీలో సీనియర్ సపోర్ట్ ఇంజినీర్ ఉందేమో చూడండి.

విశాఖ_అనలిస్ట్

అప్లై చేయడంలో తప్పేముందండి? రెజ్యూమె నిజంగానే ఉంటే, సరిపోతారో లేదో వాళ్లే తేల్చుకుంటారు. టీమ్ ఐదుగురన్నది కొన్ని కంపెనీల్లో ఉంటే మంచిదన్నట్టుగానే రాస్తారు.

పాత_రిక్రూటర్

అదీ నిజమే, అప్లై చేయొచ్చు. కానీ ఒకే కంపెనీలో రెండు మూడు పోస్టులకు వేరువేరు వెర్షన్లు పంపితే జాగ్రత్త. మీ మెయిల్ ఐడీ మీద పాత అప్లికేషన్లన్నీ మాకు ఒకేచోట కనబడతాయి. ఒకదాంట్లో డేటా మీదే ప్రాణమని, ఇంకోదాంట్లో టీమ్‌ని నడపడమే లక్ష్యమని పైన సమ్మరీ ఉంటే ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూస్తాం. అనుభవం లైన్లు వేరుగా ఉన్నా ఇబ్బంది లేదు, ఒకదాన్నొకటి కాదనకూడదు.

ఇంకోటి, పంపిన ఫైల్‌ని జేడీతో కలిపి దాచుకోండి. ఇంటర్వ్యూ కాల్ వచ్చేసరికి ఆ జేడీ పేజీ సైట్‌లో ఉండకపోవచ్చు, ఏ వెర్షన్ పంపారో మీకూ గుర్తుండదు.

```
2025-06_CompanyA_DataAnalyst/
    JD.pdf
    Resume_sent.pdf
```

ఇలా ఫోల్డర్ పేరులోనే తేడా ఉంచండి. పంపే ఫైల్‌కి మాత్రం మీ పేరు, రోల్ చాలు. `Resume_final_v7_DA_new.pdf` లాంటివి మాకు వస్తుంటాయి.

శ్రీకాకుళం_శాంతి

ఆలస్యంగా చూశాను. ఏరుకోవడం సరే, వదిలేయడం సంగతేంటి? నేను ఐటీకి రాకముందు ఏడు నెలలు ఒక కాల్ సెంటర్‌లో చేశాను. డేటా ఉద్యోగానికి అది అనవసరమని తీసేద్దామనుకుంటున్నాను. అదీ దాచినట్టేనా?

పాత_రిక్రూటర్

శాంతి గారూ, రెజ్యూమెలో ఏది పెట్టాలో ఎంచుకునే హక్కు మీది. "సంబంధిత అనుభవం" అని హెడ్డింగ్ పెట్టి దాన్ని వదిలేయొచ్చు. రెండు పనులు మాత్రం చేయకండి. ఆ ఏడు నెలల ఖాళీ కనబడకుండా పక్క ఉద్యోగం తేదీలు సాగదీయకండి. ఇక ఆఫర్ దశలో కంపెనీ ఫామ్ ఇచ్చి "ఇప్పటిదాకా చేసిన ఉద్యోగాలన్నీ" రాయమని సంతకం అడుగుతుంది, అందులో కాల్ సెంటర్ తప్పనిసరిగా ఉండాలి. పీఎఫ్ కట్ అయి ఉంటే అది సర్వీస్ హిస్టరీలో ఎలాగూ ఉంటుంది.

డల్లాస్_బాబాయ్

నేనైతే ఒక్క లైన్‌లో పెట్టేస్తానమ్మా. కంపెనీ, తేదీలు, అంతే. ఆఫర్ దశలో కొత్తగా బయటపడితే అవతలివాళ్లు రెండుసార్లు ఆలోచిస్తారు.

శ్రీకాకుళం_శాంతి

ఒక్క లైన్ అయితే పేజీ కూడా దాటదు బాబాయ్ గారూ. అలా చూస్తాను.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని మాస్టర్‌ని ఎక్సెల్‌లోకి మార్చాను, పక్కన రెండు కాలమ్‌లు పెట్టాను. "నా వంతు" కాలమ్ నింపుతుంటే నాలుగు లైన్లు అసలు టీమ్ పనులని తెలిసింది, వాటిలో మూడింటిని సరిచేశాను, ఒకటి తీసేశాను. డేటా అనలిస్ట్ వెర్షన్ ఒకటిన్నర పేజీకి వచ్చింది. డ్యాష్‌బోర్డ్ లైన్ విశాఖ గారు చెప్పినట్టే ముందు పెట్టాను, డూప్లికేట్ పాలసీ లైన్ దాని కింద.

బిజినెస్ అనలిస్ట్ వెర్షన్ దగ్గర ఒకటి తేలలేదు. యూఏటీలో నేను టెస్ట్ కేసులు రాయలేదు, బిజినెస్ వాళ్లు రాసినవాటిని రన్ చేసి, ఫెయిలైనవాటిని వాళ్లకు వివరించేదాన్ని. జేడీలో "యూఏటీ కోఆర్డినేషన్" అని ఉంది. కాల్స్ పెట్టింది మా లీడ్, ఫలితాల షీట్ నడిపింది నేను. దీన్ని కోఆర్డినేషన్ అనొచ్చా?

విశాఖ_అనలిస్ట్

ఎవరు ఏది రన్ చేయాలో పంచింది మీరా, లీడా?

గోదారిగట్టు

చివరి రెండు రిలీజ్‌లకు నేనే. అంతకుముందు లీడ్.

విశాఖ_అనలిస్ట్

అయితే ఆ రెండు రిలీజ్‌ల పేరు మీద కోఆర్డినేషన్ అని రాయండి, మిగతావాటికి ఎగ్జిక్యూషన్ అనండి. పాత రిక్రూటర్ గారు ఇంకోలా అంటారేమో, ఆయన వచ్చేదాకా పంపకుండా ఆగండి.